రెండో శనివారం రిమైండర్ ఎందుకు తప్పుతోంది: నెలవారీ ప్యాచింగ్‌కూ బిల్లుల తనిఖీకీ తేదీలు నిర్ణయించడం

ప్రశ్న: మా కంపెనీలో నలభై దాకా విండోస్ సర్వర్లు, ఆరేడు లినక్స్ సర్వర్లు ఉన్నాయి. ప్రతి నెలా రెండో శనివారం ప్యాచింగ్ అని క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకున్నాం. అకౌంట్స్ వాళ్లు ఒకటో తేదీన కొనుగోలు బిల్లుల తనిఖీ అని పెట్టుకున్నారు. రిమైండర్లు సరిగ్గానే వస్తున్నాయి, మేమూ పూర్తయిందని నొక్కుతున్నాం. అయినా ఆడిట్‌లో సర్వర్లు వెనకబడి ఉన్నాయని రాశారు, అకౌంట్స్‌లో కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీకి రావాల్సిన క్రెడిట్ తప్పిపోతోంది. ఇలాంటి పనులకు రిమైండర్లు ఎలా పెట్టుకోవాలి?

సమాధానం:

మీ రెండు రిమైండర్లలోనూ ఉన్నది ఒకే లోపం. రెండూ మీకు వీలైన రోజుకు పెట్టినవే తప్ప, చేయాల్సిన పని చేతికొచ్చే రోజును చూసి పెట్టినవి కావు. ప్యాచింగ్ మైక్రోసాఫ్ట్ విడుదల చేసే రోజు మీద ఆధారపడుతుంది, బిల్లుల తనిఖీ జీఎస్టీ పోర్టల్‌లో వివరాలు కనిపించే రోజు మీద ఆధారపడుతుంది. ఆ రోజులు తెలియకుండా క్యాలెండర్‌లో ఏ తేదీ పెట్టినా, కొన్ని నెలల్లో సరిపోయి కొన్ని నెలల్లో తప్పుతుంది. అన్ని నెలల్లోనూ తప్పితే ఎవరో ఒకరు వెంటనే పట్టుకునేవారు. కొన్ని నెలల్లో సరిపోవడం వల్లనే ఇది చాలాకాలం దొరకదు.

ముందు ప్యాచింగ్ సంగతి వివరంగా చెబుతాను. మన దగ్గర రెండో శనివారాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణమే ఉంది. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు, చాలా ఆఫీసులూ అదే పాటిస్తాయి. ఆ రోజు సర్వర్లు ఆపితే అడిగేవారు ఉండరు. నేను పనిచేసిన ఒక సంస్థలో నేనూ అదే రోజు పెట్టాను, దాదాపు ఏడాదిన్నర అలాగే నడిపాను.

మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా నవీకరణలు 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం వస్తున్నాయి. రెండో మంగళవారం తర్వాత వచ్చేది రెండో శనివారమే కదా అని మనసుకు అనిపిస్తుంది. కానీ రెండో మంగళవారం 8వ తేదీ నుంచి 14వ తేదీ వరకు ఏ రోజైనా కావచ్చు, రెండో శనివారం కూడా అదే 8 నుంచి 14 లోపు పడుతుంది. నెల ఆది, సోమ, మంగళవారాల్లో మొదలైతే మంగళవారం ముందు వచ్చి, నాలుగు రోజులకు శనివారం వస్తుంది. బుధ, గురు, శుక్ర, శనివారాల్లో మొదలైతే మాత్రం రెండో శనివారమే ముందు వచ్చి, మూడు రోజుల తర్వాత మంగళవారం వస్తుంది. అంటే వారంలోని ఏడు రోజుల్లో నాలుగింటితో మొదలయ్యే నెలల్లో ఈ రిమైండర్ నవీకరణ విడుదల కాకముందే మోగుతుంది.

2025 క్యాలెండర్ తీసి చూడండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి, మే, ఆగస్టు, అక్టోబరు, నవంబరు నెలల్లో రెండో శనివారం రెండో మంగళవారం కంటే ముందే వచ్చింది. పన్నెండు నెలల్లో ఏడు నెలలు! ఇది బయటికి ఎలా కనిపిస్తుందో మా దగ్గర జరిగినదాన్ని బట్టే చెబుతాను. 2024 డిసెంబరు 14 శనివారం నాడు, ఆ నెల 10న వచ్చిన నవీకరణలు పెట్టాం. 2025 జనవరి 11న మళ్లీ కూర్చున్నాం. ఒక్కో సర్వర్‌లో తనిఖీ బటన్ నొక్కితే అంతా తాజాగా ఉందని చూపించింది. అది నిజమే, ఎందుకంటే జనవరి నవీకరణలు 14వ తేదీకి గానీ రాలేదు. గంటలో పని ముగిసిందని సంతోషించి, టికెట్ మూసేసి ఇంటికి వెళ్లిపోయాం. 14న వచ్చిన నవీకరణలు ఫిబ్రవరి 8 వరకు, అంటే 25 రోజులు అలాగే ఉండిపోయాయి. ఫిబ్రవరి 11న వచ్చినవి మార్చి 8 వరకు మరో 25 రోజులు ఆగాయి. మార్చి 11న వచ్చినవైతే ఏప్రిల్ 12 దాకా, 32 రోజులు ఆగాయి. మా భద్రతా విధానంలో రాసుకున్న గడువు 14 రోజులు. మూడు నెలలూ టికెట్లు సకాలంలో మూసినట్టే ఉన్నాయి, మూడు నెలలూ గడువు దాటింది. ఆడిట్‌కు వచ్చినవారు టికెట్లు చూడలేదు, సర్వర్‌లో నవీకరణ పడిన తేదీని, అది విడుదలైన తేదీని పక్కపక్కన పెట్టి చూశారు. మీ విషయంలోనూ అదే జరిగి ఉంటుందని నా అభిప్రాయం.

మీరు పెట్టుకోవాల్సిన నియమం "రెండో మంగళవారం తర్వాత వచ్చే శనివారం". రెండో మంగళవారం 8 నుంచి 14 లోపు ఉంటుంది కాబట్టి, దానికి నాలుగు కలిపితే ఆ శనివారం ఎప్పుడూ 12 నుంచి 18 లోపే పడుతుంది. ఆ ఏడు తేదీల్లో శనివారం ఒక్కటే ఉంటుంది. కనుక "12 నుంచి 18 లోపు వచ్చే శనివారం" అన్నా అదే అర్థం, యంత్రానికి చెప్పడానికి ఈ రూపమే తేలిక. మూడో శనివారం అని పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవారుంటారు. మూడో శనివారం విడుదలకు ముందు ఎప్పుడూ రాదు, ఆ మేరకు మేలే. కానీ కొన్ని నెలల్లో విడుదలైన నాలుగో రోజున, మిగతా నెలల్లో పదకొండో రోజున వస్తుంది. 14 రోజుల గడువు ఉన్నచోట పదకొండో రోజున మొదలుపెట్టి, అందులో ఒక సర్వర్ మొండికేస్తే, సరిచేసుకోవడానికి మిగిలేది మూడు రోజులే.

మన దేశంలో ఇంకొక చిన్న మెలిక ఉంది. విడుదల అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం ఉదయం పది గంటలకు జరుగుతుంది. అక్కడ వేసవి సమయం నడుస్తున్నప్పుడు అది మనకు మంగళవారం రాత్రి 10:30, శీతాకాలంలో రాత్రి 11:30. కాబట్టి విడుదల పత్రాలు చదివే పనిని బుధవారం ఉదయానికి పెట్టండి. అయితే దాన్ని "రెండో బుధవారం" అని పెట్టకండి. బుధవారంతో మొదలయ్యే నెలలో రెండో బుధవారం 8వ తేదీన వస్తే, రెండో మంగళవారం 14న వస్తుంది. దానికి నియమం "9 నుంచి 15 లోపు వచ్చే బుధవారం".

ప్రతి నెలా ప్యాచింగ్ టికెట్‌ను లినక్స్ సర్వర్ నుంచి క్రాన్ ద్వారా తెరిచేవారు ఒక పొరపాటు దాదాపు తప్పకుండా చేస్తారు. తేదీల గడిలో 12-18 అని, వారం గడిలో శనివారం అని రాస్తే రెండూ కలిసిన రోజునే నడుస్తుందని అనుకుంటారు. క్రాన్‌లో ఆ రెండు గడులూ నింపితే ఏ ఒక్కటి సరిపోయినా పని నడుస్తుంది. అంటే 12 నుంచి 18 వరకు ప్రతి రోజూ, దానికి తోడు ప్రతి శనివారమూ టికెట్ తెరుచుకుంటుంది. రెండు నెలలు అలా వచ్చేసరికి ఆ టికెట్లను పట్టించుకోవడం అందరూ మానేస్తారు. సరైన పద్ధతిలో తేదీలను క్రాన్‌కు వదిలి, వారాన్ని ఆదేశంలో పరీక్షించాలి:

```
0 9 12-18 * * [ "$(date +\%u)" -eq 6 ] && /usr/local/bin/patch-ticket.sh
```

ఇందులో శాతం గుర్తు ముందున్న వెనుక గీతను తీసేయకండి. క్రాన్ శాతం గుర్తును పంక్తి ముగింపుగా చదువుతుంది, అది లేకపోతే ఆదేశం మధ్యలోనే తెగిపోతుంది. సిస్టమ్‌డి టైమర్ వాడేవారికి ఈ ఇబ్బంది లేదు, అక్కడ రెండు షరతులూ కలిసిన రోజునే నడుస్తుంది:

```
[Timer]
OnCalendar=Sat *-*-12..18 09:00
Persistent=true
```

చివరి పంక్తి ఎందుకంటే, ఆ సమయానికి యంత్రం ఆగి ఉంటే మళ్లీ లేచిన వెంటనే తప్పిపోయిన పనిని నడుపుతుంది. క్రాన్ అలా చేయదు, తప్పిన రోజు తప్పినట్టే. రాసిన నియమం నిజంగా ఏ రోజుల్లో పడుతుందో ఊహించకుండా, రాబోయే ఆరు తేదీలను ఇలా చూసుకోండి:

```
systemd-analyze calendar --iterations=6 "Sat *-*-12..18 09:00"
```

మనుషులు చూసే క్యాలెండర్ దగ్గరికి వస్తే, సాధారణ క్యాలెండర్ తెరలో "రెండో మంగళవారం" అని పెట్టుకునే వీలు ఉంటుంది గానీ, "దాని తర్వాతి శనివారం" అనే ఎంపిక ఉండదు. నేను దానితో కుస్తీ పట్టడం మానేసి, ఏడాదికి పన్నెండు తేదీలూ లెక్కవేసి విడివిడిగా పెడతాను. పావుగంట పని. 2026కు ఆ తేదీలు జనవరి 17, ఫిబ్రవరి 14, మార్చి 14, ఏప్రిల్ 18, మే 16, జూన్ 13, జులై 18, ఆగస్టు 15, సెప్టెంబరు 12, అక్టోబరు 17, నవంబరు 14, డిసెంబరు 12. ఇలా చేతితో రాయడంలో ఒక లాభం కూడా ఉంది. జనవరి 17 సంక్రాంతి వెంటనే వస్తోందని, ఊళ్లకు వెళ్లినవారు అప్పటికి తిరిగి రారని, ఆగస్టు 15 స్వాతంత్ర్య దినోత్సవమని రాస్తున్నప్పుడే కనిపిస్తుంది. అలాంటి నెలలో ఆ ఒక్క తేదీని మరుసటి వారానికి ఇప్పుడే జరపండి, ఎందుకు జరిపారో అందులోనే రాయండి. వరుస రిమైండర్‌గా పెట్టుకున్నవారు మాత్రం జరిపేటప్పుడు "ఈ ఒక్కటి మాత్రమే" అనే ఎంపికను జాగ్రత్తగా ఎంచుకోవాలి. వరుసంతా జరిగిపోతే అది అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు, మూడు నెలల తర్వాత బయటపడుతుంది.

ఇక మీ అకౌంట్స్ వారి విషయం. ఒకటో తేదీన కొనుగోలు బిల్లులు తనిఖీ చేస్తే వారికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. మీకు సరుకు అమ్మినవారు నెలవారీగా దాఖలు చేసేవారైతే, తమ అమ్మకాల వివరాలను జీఎస్టీఆర్-1లో మరుసటి నెల 11వ తేదీలోపు పెట్టాలి. వాటి ఆధారంగా, మీ కొనుగోళ్ల మీద మీకు దొరికే క్రెడిట్‌ను చూపే జీఎస్టీఆర్-2బి 14వ తేదీన తయారవుతుంది. మీరు జీఎస్టీఆర్-3బి దాఖలు చేసి పన్ను కట్టాల్సిన గడువు 20వ తేదీ. కాబట్టి అసలైన తనిఖీకి మీకు దొరికేది 14 నుంచి 20 వరకు ఉన్న ఆ కొద్ది రోజులే, అందులో ఒక ఆదివారం ఎలాగూ ఉంటుంది.

అయితే 14వ తేదీన ఒక రిమైండర్ పెట్టినంత మాత్రాన మీ క్రెడిట్ నిలవదు. ఒక ఉదాహరణ చూడండి. మీరు జూన్‌లో లక్ష రూపాయల సరుకు కొన్నారు, పన్ను 18 వేలు, మొత్తం లక్షా పద్దెనిమిది వేల బిల్లు మీ దగ్గర ఉంది. అమ్మినవారు జీఎస్టీఆర్-1ను జులై 11లోపు కాకుండా 16న దాఖలు చేశారు. ఆ బిల్లు జులై 14న తయారైన మీ 2బిలో ఉండదు, ఆగస్టు 14న వచ్చే దానిలో కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి 2బిలో కనిపించని బిల్లు మీద క్రెడిట్ తీసుకునే వీలు లేదు కాబట్టి, ఆ 18 వేలను మీరు జులై 20న చేతి నుంచి కట్టాలి, తిరిగి సర్దుబాటు కావడానికి మరో నెల ఆగాలి. 14న రిమైండర్ మోగేసరికి ఈ నష్టం జరిగిపోయి ఉంటుంది, అది మీకు తెలియజేయడం తప్ప ఆపలేదు. దాన్ని ఆపగలిగేది 8వ తేదీన చేసే ఫోన్ మాత్రమే.

అందుకని ఈ పనిని రెండు ముక్కలు చేయండి. 8వ తేదీన ఒక పని: గత నెలలో ఎక్కువ పన్ను ఉన్న పది, పదిహేను బిల్లుల జాబితా తీసి, ఆ అమ్మకందారులకు ఫోన్ చేసి జీఎస్టీఆర్-1 వేశారా, మన జీఎస్టీ నంబరు సరిగ్గా రాశారా అని అడగడం. 15వ తేదీన రెండో పని: 2బిని దింపుకుని కొనుగోలు పుస్తకంతో పోల్చడం. ఈ రెండోదాని వివరణలో "బిల్లుల తనిఖీ" అని వదిలేయకుండా, పుస్తకంలో ఉండి 2బిలో లేనివి, 2బిలో ఉండి పుస్తకంలో లేనివి, రెండింటిలో ఉన్నా మొత్తం తేడా వచ్చినవి అని మూడు జాబితాలు తయారు కావాలని రాయండి. మూడు నెలలకోసారి దాఖలు చేసే చిన్న అమ్మకందారుల బిల్లులు మొదటి జాబితాలో కొంతకాలం నిలవడం మామూలే, వారిని వేరుగా గుర్తు పెట్టుకుంటే ప్రతి నెలా అనవసరంగా ఫోన్ చేయనక్కరలేదు.

ప్రతి నెలా 31న అని పెట్టిన రిమైండర్లు మీ దగ్గర ఉంటే వాటినీ ఒకసారి చూడండి. క్యాలెండర్ నియమాలకు ఆధారమైన ప్రమాణం ప్రకారం 31 లేని నెలల్లో అవి అసలు రావు, అంటే ఏడాదిలో ఐదు నెలలు మౌనంగా ఉంటాయి. నెలాఖరు పనికి "నెల చివరి రోజు" అన్న ఎంపికనే వాడాలి. నియమాన్ని అక్షరాలా రాసుకునే చోట అది `BYMONTHDAY=-1`.

తేదీ సరిచేసుకున్నాక మిగిలేది, పని ఎప్పుడు పూర్తయినట్టు అన్న ప్రశ్న. "పూర్తయింది" అనే బటన్ నొక్కడానికి ఏ ఆధారమూ అక్కరలేకపోతే, అలసిపోయిన శనివారం రాత్రి ఎవరైనా నొక్కేస్తారు, వారిని తప్పుపట్టలేం. మా జనవరి 11 టికెట్‌ను మూసేటప్పుడు "ఏ నెల నవీకరణ పడింది?" అనే ఒక్క గడి నింపాల్సి ఉండి ఉంటే, డిసెంబరు అని రాయాల్సి వచ్చేది, ఆ రాత్రే దొరికిపోయేది. ఆ తర్వాత నేను ప్రతి సర్వర్‌కూ రెండు విషయాలు అతికిస్తే తప్ప టికెట్ మూయనివ్వలేదు. ఒకటి చివరగా పడిన నవీకరణల సంఖ్యలూ తేదీలూ, రెండోది యంత్రం చివరగా మళ్లీ మొదలైన సమయం:

```
Get-HotFix | Sort-Object InstalledOn -Descending | Select-Object -First 3
(Get-CimInstance Win32_OperatingSystem).LastBootUpTime
```

రెండోదాన్ని చిన్నచూపు చూడకండి. నవీకరణ దిగి, రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయిన సర్వర్ పాత ఫైళ్లతోనే నడుస్తూ ఉంటుంది. ఒకసారి మా జాబితాలో అన్ని సర్వర్లకూ ఆదివారం తెల్లవారుజాము సమయాలు కనిపిస్తుండగా, ఒక డేటాబేస్ సర్వర్ పక్కన మాత్రం రెండు నెలల కిందటి తేదీ ఉంది. రాత్రి పెద్ద రిపోర్ట్ నడుస్తోందని రెండు నెలలూ దాన్ని పక్కన పెట్టారు, మూడో నెలలో ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. లినక్స్ సర్వర్లకు ఇదే ప్రశ్న రెడ్ హ్యాట్ కుటుంబంలో `needs-restarting -r` తోనూ, ఉబుంటులో `/var/run/reboot-required` అనే ఫైల్ ఉందా లేదా అని చూసీ తేల్చుకోవచ్చు.

ఇలా ఒక సర్వర్ మిగిలిపోయినప్పుడు నెలవారీ టికెట్‌ను తెరిచి ఉంచాలనిపిస్తుంది, కానీ అక్కడ జాగ్రత్త అవసరం. కొన్ని సాధనాల్లో పాత పనిని మూసినప్పుడే కొత్త నెల పని పుడుతుంది, మరికొన్నింటిలో తదుపరి గడువును మూసిన రోజు నుంచి లెక్కిస్తారు. మొదటి రకంలో ఒక్క మొండి సర్వర్ వల్ల వచ్చే నెల ప్యాచింగ్ టికెట్టే రాదు. రెండో రకంలో ఈ నెల ఐదు రోజులు ఆలస్యమైతే వచ్చే నెల తేదీ కూడా ఐదు రోజులు జరిగి, ఏడాది తిరిగేసరికి విడుదల తేదీతో ఏ సంబంధమూ లేకుండా పోతుంది. మూసిన రోజు నుంచి లెక్కించడం ఏసీ శుభ్రం చేయించడం లాంటి పనులకు సరిపోతుంది, అక్కడ రెండు సార్ల మధ్య ఎడమే ముఖ్యం. ప్యాచింగ్‌కూ జీఎస్టీ పనులకూ టికెట్ తేదీని బట్టే పుట్టాలి. మిగిలిన సర్వర్‌కు దాని పేరుతో, దాని గడువుతో, దాని బాధ్యుడితో వేరే టికెట్ తెరిచి, నెలవారీదానిలో ఆ సంఖ్య రాసి మూసేయండి.

రిమైండర్ ఎవరికి వెళ్తోందో కూడా చూడండి. బృందం మొత్తానికీ ఉన్న మెయిల్ చిరునామాకు వెళ్లే రిమైండర్‌ను అందరూ చూస్తారు, ఇంకొకరు చేస్తారులే అని అందరూ అనుకుంటారు. ఒక పేరు, వారు సెలవులో ఉంటే చేసే రెండో పేరు ఉండాలి. అలాగే ఆ వరుస ఒక ఉద్యోగి సొంత క్యాలెండర్‌లో పుట్టి ఉంటే, ఆయన వెళ్లిపోయి ఖాతా తీసేసిన రోజున రిమైండర్లూ పోవచ్చు. దాన్ని ఉమ్మడి ఖాతా నుంచి పెట్టండి.

చివరగా, పని చేయమని చెప్పే రిమైండర్ కంటే, పని జరగలేదని చెప్పే రిమైండర్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మొదటిది రోజూ వచ్చే యాభై సందేశాల్లో కలిసిపోతుంది. రెండోది టికెట్ మూసి ఉంటే అసలు రాదు, కాబట్టి వచ్చినప్పుడు చూస్తారు. మీ లెక్కకు ప్యాచింగ్ శనివారం తర్వాతి బుధవారం ఉదయానికి టికెట్ తెరిచే ఉంటే, లేదా ఆ నెల టికెట్ అసలు పుట్టకపోయి ఉంటే, మీ మేనేజర్‌కు ఒక సందేశం వెళ్లేలా పెట్టండి. ఆ బుధవారానికి విడుదలై ఎనిమిది రోజులే అవుతుంది, 14 రోజుల గడువులో ఇంకా ఆరు రోజులు చేతిలో ఉంటాయి. అకౌంట్స్‌కు అదే సందేశం 17వ తేదీ ఉదయం వెళ్లాలి. ఈ ఏర్పాటు నిజంగా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి, మొదటి నెల అన్ని సర్వర్లూ పూర్తయ్యాక కూడా ఒక టికెట్‌ను కావాలనే బుధవారం దాకా తెరిచి ఉంచి, మేనేజర్‌కు సందేశం చేరిందా అని అడిగి చూడండి.